డబ్బా మీద అక్షరాల గ్యాప్ తేడాగా ఉంటే డూప్లికేట్ అనుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, ఆఫర్ ఉందని ఆన్‌లైన్‌లో 50 గ్రాముల సన్‌స్క్రీన్ తెప్పించాను. ఇంతకుముందు తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న అదే సన్‌స్క్రీన్ డబ్బా ఇంట్లో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే వెనక వైపు అక్షరాల మధ్య గ్యాప్ వేరేగా అనిపిస్తోంది, రంగు కూడా కొంచెం డల్‌గా ఉంది, బ్యాచ్ నంబర్ వంకరగా ఉంది. ఇది డూప్లికేటా? రిటర్న్‌కు రెండు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీరు చెప్పిన మూడింటిలో బ్యాచ్ నంబర్ వంకర సంగతి వదిలేయండి, రంగు డల్ అన్నది పక్కన పెట్టండి, అక్షరాల గ్యాప్‌ను మాత్రం గట్టిగా పట్టుకోండి. నేను చాలా ఏళ్లుగా తిరుపతిలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అట్టపెట్టెల పని చూస్తున్నాను, ప్లేటుకు వెళ్లేముందు ఫైల్ సరిచూడడం, మిషన్ మీద నుంచి దిగిన షీటును లెన్స్‌తో చూడడం నా పనే. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

డబ్బా మీద మీకు కనిపించే అచ్చు అంతా ఒకేచోట పడింది కాదు. ముందు కంప్యూటర్‌లో డిజైన్ ఫైల్ తయారవుతుంది. ఏ అక్షరం ఎక్కడ ఉండాలి, రెండు అక్షరాల మధ్య ఎంత ఖాళీ, లైను ఏ మాట దగ్గర విరగాలి అన్నది అక్కడే ఖాయమైపోతుంది. ఆ ఫైల్ నుంచి ప్లేటు వస్తుంది, ప్లేటు మిషన్ ఎక్కుతుంది. సిరా ఎంత పడుతుంది, రంగు ముదురుగా వస్తుందా పాలిపోయినట్టు వస్తుందా అన్నది మిషన్ దగ్గర తేలే విషయం, పొద్దున వేసిన షీటుకూ సాయంత్రం వేసిన షీటుకూ కూడా కాస్త తేడా ఉంటుంది. ఆ తర్వాత కటింగ్, పేస్టింగ్ అయిన డబ్బాలు ఖాళీగా కంపెనీకి వెళ్తాయి. అక్కడ ట్యూబు లోపల పెట్టాక బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, చాలాసార్లు ఎంఆర్‌పీ కూడా వేరే చిన్న మిషన్‌తో బెల్టు మీద కదులుతుండగా కొడతారు.

కాబట్టి ఏ తేడా ఎక్కడ పుట్టగలదో తెలిస్తే చాలావరకు అయోమయం పోతుంది. రంగులో చిన్న తేడా నిజమైన సరుకులోనూ వస్తుంది, పైగా పెద్ద కంపెనీలు రెండు మూడు ఊళ్లలో తయారు చేయిస్తాయి, ఒక్కో చోటికి ఒక్కో ప్రెస్ నుంచి డబ్బాలు వెళ్తాయి. మీ దగ్గర ఉన్న రెండు డబ్బాల మీద తయారీ లైసెన్స్ నంబర్ వేరుగా ఉంటే రంగు గురించి అసలు ఆలోచించకండి. కటింగ్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం వల్ల బొమ్మ అంచుకు దగ్గరగా వచ్చినట్టు కనిపించడం కూడా మామూలే. కానీ ఒకే ఫైల్ నుంచి వచ్చిన రెండు డబ్బాల మీద అక్షరాల మధ్య ఖాళీ మారడం అనేది జరగదు. సిరా ఎక్కువై అక్షరం లావైతే ఖాళీ కాస్త పూడినట్టు కనిపిస్తుంది, అంతే. అక్షరం తన చోటు నుంచి కదలదు.

అసలు మెలిక "ఒకే ఫైల్ నుంచి" అన్న మాట దగ్గర ఉంది. కంపెనీలు డిజైన్ తరచూ మారుస్తుంటాయి. పదార్థాల జాబితాలో ఒకటి మారినా, కస్టమర్ కేర్ నంబర్ మారినా ఫైల్ మారుతుంది, ఆ ఊపులో ఫాంటూ మారిపోవచ్చు. మీ పాత డబ్బా ఏడాదిన్నర కిందటిదై, కొత్తది నిన్నమొన్నటిదైతే గ్యాప్ తేడా మీద నకిలీ అనేయలేం. దీన్ని తేల్చడానికి డబ్బా మూత మడత మీదో, కింది మడత మీదో, అంటించిన పట్టీ లోపలో చూడండి. చాలా కంపెనీల డబ్బాల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన చిన్న కోడ్ ఒకటి ఉంటుంది. బ్యాచ్ నంబర్ కాదు అది, డిజైన్‌తో పాటే అచ్చయి ఉంటుంది, దాని పక్కన చిన్న రంగు చుక్కలో గళ్లో కూడా ఉండవచ్చు. మేము దాన్ని ఆర్ట్‌వర్క్ కోడ్ అంటాం. ఏ ఫైల్‌తో, ఏ వెర్షన్‌తో ఈ డబ్బా అచ్చయిందో కంపెనీ వాళ్లకు తెలియడానికి వేసుకునే గుర్తు. మామూలుగా కొనేవాళ్లు దాన్ని చూడనే చూడరు. మీ రెండు డబ్బాల మీద ఆ కోడ్ ఒకటే అయి ఉండి, అక్షరాల గ్యాప్ వేరుగా ఉంటే అనుమానం బలమైనదే, ఎందుకంటే నకలు చేసినవాడు కోడ్‌ను కూడా ఉన్నదున్నట్టు దించేశాడు కానీ ఫాంటు దొరకక వేరేది వాడాడు. కోడ్ వేరుగా ఉంటే ఈ పోలిక పనికిరాదు, అదే కోడ్ ఉన్న ఇంకో డబ్బా నమ్మకమైన షాపులో వెతుక్కోవాలి. మందుల షాపులో కొత్త స్టాకు చూపించమంటే చూపిస్తారు, మూత మడత ఫొటో తీసుకుంటే చాలు. వెబ్‌సైట్‌లో ఉన్న బొమ్మతో మాత్రం పోల్చకండి, అది చాలాసార్లు కంప్యూటర్‌లో తయారు చేసిన బొమ్మ, అచ్చయిన డబ్బా ఫొటో కాదు.

ఇక గ్యాప్ కొలవడం. చేత్తో పట్టుకుని చూస్తే కళ్లు మోసం చేస్తాయి, ఫోన్ ఫొటో కొంచెం వాలుగా తీసినా ఒక పక్క అక్షరాలు దగ్గరగా, ఇంకో పక్క దూరంగా వస్తాయి. దగ్గర్లోని జిరాక్స్ షాపుకు వెళ్లి రెండు డబ్బాలనూ వాటి మడతల మీదే చదునుగా నొక్కి, అంటించిన చోటు చింపకుండా, స్కానర్ గాజు మీద పక్కపక్కన ఒకేసారి పెట్టించి 600 డీపీఐలో స్కాన్ చేయమనండి. విడివిడిగా రెండు స్కాన్లు వద్దు. తర్వాత కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి, ఒకదాని మీద ఇంకోదాన్ని సగం పారదర్శకంగా పెట్టి చూసే ఓపిక ఉంటే ఇంకా మంచిది. స్కాన్ కుదరకపోతే స్టీలు స్కేలు చాలు. వెనక ప్యానెల్లో ఒకే మాటలున్న లైను తీసుకుని మొదటి అక్షరం ఎడమ అంచు నుంచి చివరి అక్షరం కుడి అంచు దాకా కొలవండి, అలా నాలుగైదు లైన్లు.

ఇక్కడ రెండు రకాల తేడాలు వస్తాయి. అన్ని లైన్లూ ఒకే నిష్పత్తిలో కొంచెం చిన్నవో పెద్దవో అయితే, డబ్బాను స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేసినప్పుడు సైజు సరిగ్గా పడలేదన్నమాట. ఒక లైను సరిపోయి, ఇంకో లైను పొట్టిగా, మూడోది పొడుగ్గా ఉంటే ఎవరో ఆ మాటలన్నీ మళ్లీ టైపు చేశారని అర్థం. మళ్లీ టైపు చేసినప్పుడు ముందు దొరికిపోయేది లైను విరిగే చోటు. అసలు డబ్బాలో రెండో లైను ఏ మాటతో ముగిసిందో చూడండి, నకలులో అది మూడో లైనులోకి జారిపోయి ఉంటుంది. తర్వాత ఇంగ్లిష్‌లో పెద్ద టీ పక్కన చిన్న ఓ వచ్చిన చోటు, పెద్ద ఏ పక్కన వీ వచ్చిన చోటు చూడండి. మంచి డిజైనర్ ఫైల్‌లో ఆ జంటలు ఒకదాని కిందికి ఒకటి కాస్త ఒదిగి ఉంటాయి. హడావుడిగా టైపు చేసిన దాంట్లో మధ్యలో చిన్న సందు పడి, మాట రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. డబ్బా మీద తెలుగో హిందీయో ఉంటే అది ఇంకా తేలిక, భారతీయ లిపులు సరిగ్గా రాని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు అక్షరం కింద కాకుండా పక్కకు పడిపోతాయి. నిజమైన కంపెనీలు ఆ తప్పు అప్పుడప్పుడూ చేస్తాయి, కానీ ఒకే కోడ్ ఉన్న రెండు డబ్బాల్లో ఒకదాంట్లో సరిగ్గా, ఇంకోదాంట్లో విరిగి ఉండదు.

గ్యాప్ తర్వాత లెన్స్. బంగారం పని చేసేవాళ్ల దగ్గర పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న లెన్స్ ఉంటుంది, మేమూ ప్రెస్‌లో అలాంటిదే వాడతాం. ఒకసారి అడిగి తీసుకోండి. ఫోన్‌లో జూమ్ చేస్తే సరిపోదా అని అడుగుతారు, చాలా ఫోన్లు ఫొటో తీశాక అక్షరాల అంచులను వాటంతట అవే పదును చేసేస్తాయి, మనం చూడాల్సిన లోపమే అక్కడ మాయమవుతుంది.

లెన్స్ కింద పెద్ద అక్షరాలనూ బొమ్మలనూ చూడకండి, అవి నకలులోనూ బాగానే ఉంటాయి. పదార్థాల జాబితా లాంటి అతి చిన్న నల్ల అక్షరాలు చూడండి. అసలు డబ్బాలో ఆ అక్షరం ఒక్క నల్ల సిరాతోనే పడుతుంది. లోపల నిండుగా నలుపు, అంచు తెగినట్టు శుభ్రంగా ఉంటుంది. బొమ్మలూ షేడ్లూ ఉన్న చోట నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పువ్వు రేకుల్లా చుట్టూ అమరి కనిపిస్తాయి, అక్కడ అది సహజం. కానీ డబ్బాను స్కాన్ చేసి అచ్చు వేసినవాడికి అక్షరం, బొమ్మ అన్న తేడా లేదు, మొత్తం ఒక ఫొటో. అందుకని ఆ చిన్న నల్ల అక్షరం కూడా నాలుగు రంగుల చుక్కలుగా విడిపోతుంది. లెన్స్ కింద చూస్తే అంచు రంపపు పళ్లలా ఉండి, అక్షరానికి ఒక పక్క గులాబీ గీత, ఇంకో పక్క నీలం గీత బయటికి వచ్చి ఉంటాయి. మామూలు కంటికి అదే "కొంచెం మసకగా ఉందే" అనిపించేది. నన్ను అడిగితే అన్ని పరీక్షల్లోకీ నేను ఎక్కువ నమ్మేది దీన్నే.

ఇంకో రకం కూడా ఉంది, టోనర్‌తో వేసే డిజిటల్ ప్రింటు. అక్షరాల చుట్టూ పొడి చల్లినట్టు అతి సన్న చుక్కలు కనిపిస్తాయి. అయితే కొత్తగా పెట్టిన చిన్న బ్రాండ్లు తక్కువ సంఖ్యలో డబ్బాలు కావాలని నిజంగానే డిజిటల్‌లో వేయించుకుంటాయి, కాబట్టి అది కనిపించినంత మాత్రాన నకిలీ కాదు. మీ పాత డబ్బా ఆఫ్‌సెట్‌లో ఉండి, కొత్తది టోనర్‌లో ఉంటేనే ఆలోచించాలి.

డబ్బా సంగతి ఇది, లోపలి ట్యూబుకు ఇవే లెక్కలు పనికిరావు. ట్యూబులూ సీసాలూ వేరే పద్ధతుల్లో అచ్చవుతాయి. రబ్బరు లాంటి మెత్తని ప్లేటుతో వేసే ఫ్లెక్సోలో అక్షరం అంచున సిరా నొక్కుకుని సన్నని ముదురు గీత వస్తుంది, స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా చేతికి తగిలేంత మందంగా ఉండి అంచు కాస్త గరుకుగా ఉంటుంది, వేడితో ముడుచుకునే స్లీవ్ తొడిగిన సీసా మెడ దగ్గర అక్షరాలు సాగిపోయి గ్యాప్ కూడా మారుతుంది. ట్యూబును ట్యూబుతోనే పోల్చండి.

ఒక కేసు చెప్తాను. చిత్తూరులో బ్యూటీ పార్లర్ నడిపే మా పిన్ని కూతురు 30 మిల్లీలీటర్ల సీరమ్ ఆన్‌లైన్‌లో తెప్పించింది, వాసన తేడాగా ఉందని డబ్బా నాకు పంపింది. తిరుపతిలో మందుల షాపులో అదే కొన్నాను. కింది మడత మీద కోడ్ రెండింటికీ ఒకటే, రంగు కూడా దాదాపు ఒకటే. నిజం చెప్పాలంటే ఆన్‌లైన్‌దే కాస్త మెరుపుగా ఉంది. పదార్థాల ప్యానెల్ కొలిస్తే మొదటి లైను రెండింట్లోనూ 41 మిల్లీమీటర్లు. రెండో లైను షాపుదాంట్లో 40, ఆన్‌లైన్‌దాంట్లో 38న్నర. మూడో లైనులో టోకోఫెరాల్ అన్న మాట షాపు డబ్బాలో లైను చివర ఉంది, ఆన్‌లైన్‌దాంట్లో నాలుగో లైను మొదట్లోకి వెళ్లింది, పైగా టీకీ ఓకీ మధ్య సందు. అంటే ఈ ప్యానెల్ మళ్లీ టైపు చేశారు. లెన్స్ పెట్టి చూస్తే ఆ ప్యానెల్లో అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి, టైపు చేసినవి కదా మరి. ముందు వైపు చూస్తే బ్రాండ్ పేరు కింద ఉన్న చిన్న నల్ల లైను మాత్రం పూర్తిగా రంగు చుక్కలే. ముందు వైపు స్కాన్ చేశాడు, వెనక వైపు చదవడానికి రాలేదని టైపు చేశాడు. ఇలా రెండూ కలిపి చేయడం ఎక్కువ, అందుకే ఒక్క ప్యానెల్ చూసి బాగుందని ఆగిపోకూడదు. అట్ట లోపలి వైపు కూడా షాపుది తెల్లగా, ఇది బూడిద రంగులో ఉంది. ఆ ఫొటోలతో డబ్బు వాపసు వచ్చింది.

బ్యాచ్ నంబర్ దగ్గరికి వద్దాం, చాలామంది దీని దగ్గరే పొరపడతారు. బెల్టు మీద పోతున్న డబ్బా మీద సిరా చుక్కలు చిమ్మే మిషన్ అది. అంకెలు చుక్కచుక్కలుగా, కొంచెం వాలుగా, ఒక అంకె దూరంగా ఒకటి దగ్గరగా ఉండడం దాని స్వభావం. లేజర్‌తో కొట్టినదైతే సిరా ఉండదు, పైపొర కాలి తెల్లగా కనిపిస్తుంది. ట్యూబు తోక దగ్గర నొక్కి వేసిన అంకెలు మసకగానే ఉంటాయి. బ్యాచ్ నంబర్ మరీ తిన్నగా, మిగతా అచ్చుతో కలిసిపోయి, వార్నిష్ కింద ఉందంటే, పాత డబ్బాలో మాత్రం పైన విడిగా కొట్టి ఉందంటే, అప్పుడు అనుమానించండి. వంకర కాదు మీరు చూడాల్సింది, డబ్బా మీదున్న బ్యాచ్, తేదీ ట్యూబు మీదున్న వాటితో కలుస్తున్నాయా అన్నది. ఇంకొకటి, ఆ తేదీ ఉన్న చోట టార్చి లైటు పక్క నుంచి వాలుగా వేసి చూడండి. సాల్వెంట్‌తో పాత తేదీ తుడిచి కొత్తది కొట్టి ఉంటే ఆ గడిలో మెరుపు పోయి ఉంటుంది, కింద పాత చుక్కల నీడ కనిపిస్తుంది. అప్పుడు సరుకు అసలుదే కావచ్చు కానీ గడువు దాటినది, ముఖానికి అదీ ప్రమాదమే.

స్టిక్కర్లను చూసి కూడా కంగారు పడకండి. దిగుమతి సరుకు మీద ఇక్కడి దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్ వేరే ఫాంటులో స్టిక్కర్‌గా ఉండడం మామూలు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గినప్పుడు పాత స్టాకు మీద కొత్త ధర స్టిక్కర్ వేసుకోవడానికి కేంద్రమే అనుమతి ఇచ్చింది. బార్‌కోడ్ స్కాన్ అయిందని నిశ్చింతగా ఉండకండి, అసలుదాన్ని కాపీ కొట్టినా అది స్కాన్ అవుతుంది. 890తో మొదలైతే ఇండియాలో తయారైనట్టే అని కూడా కొందరు చెప్తారు, ఆ నంబర్ ఇక్కడి సంస్థ జారీ చేసిందని మాత్రమే దానర్థం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అచ్చు తేడాగా ఉంటే నకిలీ అని బలంగా అనుమానించవచ్చు, అచ్చు సరిగ్గా ఉంటే అసలుదని మాత్రం చెప్పలేం. వాడేసిన అసలు సీసాలనూ డబ్బాలనూ పోగేసి అందులో వేరేది నింపేవాళ్లు ఉన్నారు. అక్కడ ఫాంటు, గ్యాప్, కోడ్ అన్నీ సరిగ్గానే ఉంటాయి. అలాంటిది సీలు, ట్యూబు నోటి మీది రేకు, తోక దగ్గర అతుకు చూసి కనిపెట్టాలి, లోపలి క్రీమ్ ఏమిటన్నది ల్యాబులోనే తేలుతుంది.

మీకు రెండు రోజులే ఉందన్నారు కాబట్టి లెన్స్ కోసం ఆగకుండా ఈ రాత్రికే రిటర్న్ రిక్వెస్ట్ పెట్టేయండి. "నకిలీ" అని ఒక్క మాట రాసి వదిలేయకండి, ఒకే ఆర్ట్‌వర్క్ కోడ్ ఉన్న రెండు డబ్బాల్లో ఫలానా లైను ఇక్కడ విరిగింది, అక్కడ విరగలేదు అని రాసి రెండూ ఒకే ఫొటోలో కనిపించేలా జత చేయండి. కోడ్ వేరైతే ఆ మాట రాయకండి, బ్యాచ్, తేదీ కలవకపోతే అది రాయండి. డబ్బా, ట్యూబు, పార్సిల్ మీది లేబుల్, బిల్లు దేన్నీ పారేయకండి, క్రీమ్ ముఖానికి రాయకండి. అమ్మినవాడు ఒప్పుకోకపోతే ఆ ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా ఆర్ట్‌వర్క్ కోడ్, బ్యాచ్ నంబర్ ఫొటోలు మెయిల్ చేయండి, ఆ బ్యాచ్ తాము తయారు చేశామో లేదో వాళ్లకు తెలుస్తుంది. ఎవరికైనా ముఖం మీద పొక్కులు, మంట వచ్చి ఉంటే మాత్రం వాపసుతో ఆపకండి, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. కొన్న కాస్మెటిక్‌ను ఫీజు కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద మామూలు కొనుగోలుదారుకు కూడా ఉంది. అలా చేయించాలనుకుంటే ట్యూబు వెనక్కి పంపేయకుండా మీ దగ్గరే ఉంచుకోవాలి.

రెండు డబ్బాల కింది మడత, వెనక ప్యానెల్ స్కాన్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.